గోడ గూళ్లలో ఎంత గ్రౌట్ పడుతుంది?

హాలో బ్లాకులతో గోడ లేపి, కొన్ని గూళ్లలో నిలువు చువ్వలు దించి, వాటిని సిమెంటు గ్రౌట్‌తో నింపే పనిలో అందరూ అడిగేది ఒకటే: చదరపు మీటరు గోడకి ఎంత గ్రౌట్ పోతుంది? దీనికి 15 లీటర్లన్నా తప్పు కాదు, 90 లీటర్లన్నా తప్పు కాదు. అదే బ్లాకు, అదే మందం గోడ. ఎన్ని గూళ్లు నింపుతున్నారు, అడ్డంగా ఎన్ని వరసలు నింపుతున్నారు అన్నదాన్ని బట్టి లెక్క ఆరింతలు మారిపోతుంది. ఎవరో ఇచ్చిన పట్టికలోంచి ఒక అంకె తీసుకుని సిమెంటు తెప్పించుకునే ముందు, మన గోడకి ఆ అంకె ఎలా వస్తుందో తెలుసుకోవడం మంచిది. ఈ లెక్క ఉపయోగం బస్తాలు కొనడంతో అయిపోదు. గ్రౌట్ పోశాక గోడ లోపల ఏం జరిగిందో బయటికి కనపడదు. ఎంత పట్టాలో ముందే తెలిస్తేనే, పట్టినదాన్ని చూసి లోపల గూడు నిండిందో, మధ్యలో ఎక్కడైనా ఖాళీ మిగిలిపోయిందో చెప్పగలం.

ఇలాంటి గోడ ఎందుకు కడతారో రెండు మాటల్లో చెప్పుకుందాం. ఇటుక గోడైనా బ్లాకు గోడైనా బరువు మోయగలదు కానీ పక్కనుంచి తోస్తే నిలవలేదు. భూమి కంపించినా, గాలి బలంగా కొట్టినా, వెనకనుంచి మట్టి నెట్టినా గోడ ఒక వైపు సాగుతుంది, సాగిన వైపు మాలు విడిపోతుంది. 1933లో అమెరికాలోని లాంగ్ బీచ్ భూకంపంలో చువ్వలు లేని ఇటుక బడులు చాలా కూలాయి. ఆ దెబ్బతో కాలిఫోర్నియాలో బడి భవనాలకి కఠినమైన చట్టం వచ్చింది, చువ్వలు పెట్టి కట్టే గోడలకి ఆదరణ పెరిగింది. మన దగ్గర 1969లో భద్రాచలం ప్రాంతంలో, 2024 డిసెంబరులో ములుగు జిల్లాలో భూమి కంపించింది కాబట్టి ఇది మనకి సంబంధం లేని విషయమేమీ కాదు. భూకంపాన్ని తట్టుకునే ఇళ్ల గురించి చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 4326 కూడా గోడ మూలల్లో, గోడలు కలిసేచోట్ల నిలువు చువ్వలు పెట్టమంటుంది. హాలో బ్లాకులో ఆ చువ్వకి చోటు ముందే ఉంటుంది. గూట్లోకి చువ్వ దించి చుట్టూ గ్రౌట్ పోస్తే, గోడ లోపలే సన్నటి కాంక్రీటు స్తంభాలు తయారవుతాయి. చువ్వ చుట్టూ గ్రౌట్ గట్టిగా పట్టకపోతే చువ్వ ఉన్నా లేనట్టే.

ఇక బ్లాకు దగ్గరికి వద్దాం. మనం ఎనిమిదంగుళాల బ్లాకు అని పిలిచేదాని అసలు కొలత 390 మి.మీ. పొడవు, 190 మి.మీ. మందం, 190 మి.మీ. ఎత్తు. పది మిల్లీమీటర్ల మాలు కలిస్తే 400 పొడవు, 200 ఎత్తు అవుతుంది. అంటే చదరపు మీటరుకి పన్నెండున్నర బ్లాకులు. ఒక్కో బ్లాకులో రెండు గూళ్లు కాబట్టి చదరపు మీటరుకి 25 గూళ్లు. ఇంతవరకు అందరికీ ఒకటే లెక్క. తేడా వచ్చేది గూడు పరిమాణం దగ్గర. దాన్ని ఒక్కో తయారీదారు ఒక్కోలా పోస్తారు. గోడ మందం రెండు మిల్లీమీటర్లు పెరిగినా గూడు చిన్నదవుతుంది. అందుకే వేరే దేశపు పుస్తకంలోని అంకె గానీ, పక్క ఊరి యార్డు వాళ్లు చెప్పిన అంకె గానీ మనకి పనికిరాదు. మన లారీలో దిగిన బ్లాకునే కొలవాలి.

కొలిచేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. బ్లాకు పైన టేపు పెట్టి గూడు పొడవు, వెడల్పు చూసి ఎత్తుతో గుణించేస్తారు. కానీ గూడు పైనుంచి కిందదాకా ఒకే కొలతలో ఉండదు. అచ్చులోంచి బ్లాకు తేలిగ్గా ఊడి రావాలని గూడుని కొంచెం వాలుగా పోస్తారు. గోడలో పెట్టేటప్పుడు గూటి గోడలు మందంగా ఉన్న వైపు పైకి వస్తుంది. పై వరసకి మాలు వేయడానికి అప్పుడే చోటు బాగా దొరుకుతుంది. ఉదాహరణకి ఒక బ్లాకు తీసుకుందాం. పైన గూడు 132 మి.మీ. పొడవు, 118 వెడల్పు. తిరగేసి చూస్తే అదే గూడు 148 పొడవు, 132 వెడల్పు. పై కొలత ఒక్కటే తీసుకుంటే గూట్లో మూడు లీటర్ల లోపే పడుతుందని వస్తుంది. కింది కొలతతో అయితే 3.7 లీటర్లు. నిజం మధ్యలో ఉంది: 3.3 లీటర్లు. పై కొలత నమ్ముకున్నవాడికి పనిలో పదో వంతు గ్రౌట్ తక్కువ పడుతుంది.

టేపు కన్నా ఇసుకని నమ్మడం మేలు. బ్లాకుని చదునైన గచ్చు మీద, గోడలో ఎలా ఉంటుందో అలాగే పెట్టాలి. ఎండిన ఇసుకని లీటరు గ్లాసుతో కొలుస్తూ ఒక గూట్లో పోయాలి. గ్లాసులో ఇసుకని ఎలా వదులుగా నింపుతున్నామో గూట్లోనూ అలాగే వదులుగా పోయాలి. బ్లాకుని తట్టి కుదిపితే లెక్క చెడిపోతుంది. పైన కర్రతో సమం చేసి, ఎన్ని లీటర్లు పట్టిందో రాసుకోవాలి. లోడులోంచి ఏవో నాలుగైదు బ్లాకులు తీసి ఇలా చూస్తే సగటు దొరుకుతుంది. వాలు, లోపలి మూలల గుండ్రం, అన్నీ ఆ ఇసుకే చూసుకుంటుంది. దీన్ని సరిచూసుకోవడానికి ఇంకో దారి కూడా ఉంది. బ్లాకు బయటి కొలతల ప్రకారం దాని ఘనపరిమాణం 14 లీటర్ల పైచిలుకు. ఆరిన బ్లాకు 16 నుంచి 17 కిలోలు తూగితే, కాంక్రీటు లీటరుకి 2.2 కిలోల చొప్పున గట్టి భాగం ఏడున్నర లీటర్ల చుట్టూ ఉంటుంది. మిగిలిన ఆరున్నర లీటర్లే రెండు గూళ్లు. ఇసుక లెక్క, తూకం లెక్క దగ్గర దగ్గరగా వస్తే కొలత సరిగ్గా ఉన్నట్టే.

మన 3.3 లీటర్లు 190 మి.మీ. ఎత్తుకి. గోడలో ప్రతి వరసకి పది మిల్లీమీటర్ల మాలు మందం ఉంటుంది, ఆ మందంలో కూడా గూడు ఖాళీగానే ఉంటుంది కాబట్టి అదీ కలపాలి. అప్పుడు ఒక గూడు ఒక వరసకి 3.47 లీటర్లు పడుతుంది. మీటరు ఎత్తుకి అయిదు వరసలు, అంటే 17.4 లీటర్లు. పని మొత్తంలో గుర్తు పెట్టుకోవాల్సిన అంకె ఇదే: ఒక గూడు, ఒక మీటరు ఎత్తు, పదిహేడున్నర లీటర్లు. చదరపు మీటరు లెక్క కావాలంటే దీన్ని చువ్వల మధ్య దూరంతో భాగిస్తే చాలు. గూళ్లు ప్రతి 200 మి.మీ.కి ఒకటి వస్తాయి. అన్నీ నింపితే 17.4ని 0.2తో భాగించాలి, 87 లీటర్లు వస్తుంది. 400 మి.మీ.కి ఒక చువ్వ అయితే 43 లీటర్లు, 600కి 29 లీటర్లు, 800కి 22 లీటర్లు, 1200కి 14 లీటర్ల పైన. మట్టిని ఆపే గోడకి అన్ని గూళ్లూ నింపడం మామూలు కాబట్టి అక్కడ 87 పడుతుంది. మామూలు ఇంటి గోడకి అంత అక్కర్లేదు.

చువ్వ కూడా గూట్లో చోటు తీసుకుంటుంది కదా, దాన్ని తీసేయాలా అని అడిగేవాళ్లున్నారు. 12 మి.మీ. చువ్వ మీటరు పొడవుకి లీటరులో పదో వంతు చోటే తీసుకుంటుంది. పదిహేడున్నర లీటర్ల ముందు అది లెక్కలోకి రాదు, వదిలేయొచ్చు. చువ్వ మీద చువ్వ అతుకు వేసినచోట గూట్లో రెండు చువ్వలు ఉంటాయి. అక్కడ చూసుకోవాల్సింది ఘనపరిమాణం కాదు, ఇరుకు. చిప్స్ ఆ సందులో ఇరుక్కుంటే కిందికి గ్రౌట్ దిగదు.

ఇప్పుడు ఒక గోడని పూర్తిగా లెక్క కడదాం. పొడవు 6.6 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. మీటరు వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు తలుపు ఒకటి. ప్రతి 800 మి.మీ.కి ఒక 12 మి.మీ. చువ్వ అని డ్రాయింగులో ఉంది. తలుపు మీద లింటెల్ వరస ఒకటి, గోడ పైన చివరి వరస ఒకటి, ఈ రెండింటిలో అడ్డంగా చువ్వలు పెట్టి గోడ పొడవునా నింపాలి. తలుపు పోను గోడ విస్తీర్ణం 17.8 చదరపు మీటర్లు. పట్టిక చూసి 22 లీటర్ల చొప్పున వేస్తే 390 లీటర్లు వస్తుంది. ఈ అంకెతో పని మొదలుపెట్టిన మేస్త్రీకి సగం దారిలో సిమెంటు అయిపోతుంది. ఎందుకో గూళ్లు లెక్కపెడితే తెలుస్తుంది.

గోడ పొడవులో 33 గూళ్లు ఉంటాయి. చువ్వలు ఒకటో గూడు నుంచి మొదలై నాలుగేసి గూళ్లకి ఒకటి చొప్పున 33వ గూడు దాకా వస్తాయి, అంటే తొమ్మిది. 6.6 మీటర్లని 0.8తో భాగిస్తే ఎనిమిది పైచిలుకే వస్తుంది. కానీ గోడకి రెండు చివరలా చువ్వ ఉండాలి కాబట్టి ఒకటి పెరిగింది. పట్టిక అంకెలో ఈ చివరి చువ్వ ఉండదు. తలుపు 14 నుంచి 18వ గూడు వరకు ఉందనుకుందాం. 17వ గూటిలోని చువ్వ తలుపు పాలైంది. కానీ తలుపుకి అటూ ఇటూ చువ్వ తప్పనిసరి. 13లో ఉంది, 19లో కొత్తది పెట్టాలి. 21లో ఉన్నది తీసేస్తే 19కీ 25కీ మధ్య దూరం 1.2 మీటర్లు అయిపోతుంది, కాబట్టి దాన్నీ ఉంచాలి. అంటే తలుపు వచ్చి విస్తీర్ణం తగ్గినా పూర్తి ఎత్తు గూళ్లు తొమ్మిదీ తొమ్మిదే. పైగా తలుపు మీద లింటెల్‌కీ పై వరసకీ మధ్య 17వ గూటిలో మూడు వరసల చిన్న ముక్క ఒకటి వచ్చింది.

గోడలో 15 వరసలు. పదకొండోది లింటెల్, పదిహేనోది పై వరస. వీటిని విడిగా లెక్కేస్తాం కాబట్టి నిలువు గూళ్లకి 13 వరసలు మిగిలాయి. తొమ్మిది గూళ్లు, 13 వరసలు, వరసకి 3.47 లీటర్లు: 406 లీటర్లు. తలుపు మీది చిన్న ముక్కకి 10 లీటర్లు. ఇక అడ్డ వరసలు. దోనె ఆకారపు బ్లాకు లోపల వెడల్పు 125, లోతు 155 మి.మీ. దాకా ఉంటుంది కాబట్టి మీటరు పొడవుకి 19 లీటర్లు పడుతుంది. రెండు వరసలు కలిపి 13.2 మీటర్లు, 251 లీటర్లు. మొత్తం 667 లీటర్లు. చదరపు మీటరుకి 37 లీటర్లు దాటింది. పట్టిక 22 అన్నచోట! ఇందులో పెద్ద వాటా అడ్డ వరసలదే. అందుకే చిన్న గోడలకి సగటు అంకె వాడకూడదని నా గట్టి అభిప్రాయం. ముప్ఫై మీటర్ల ప్రహరీకి సగటు పనిచేస్తుందేమో గానీ, తలుపులూ కిటికీలూ ఉన్న ఇంటి గోడకి పెన్సిలు పట్టుకుని గూళ్లు లెక్కపెట్టాల్సిందే. పది నిమిషాల పని.

దీని మీద కొంచెం అదనం వేసుకోవాలి. బకెట్లతో పోసే పనికి పది శాతం చాలు. మన గోడకి 730 లీటర్ల చుట్టూ తేలుతుంది. పంపు తెప్పిస్తే వేరే లెక్క. రెండంగుళాల గొట్టం 30 మీటర్లు పరిస్తే అందులోనే దాదాపు 60 లీటర్లు నిలిచిపోతుంది. ఇలాంటి చిన్న గోడకి అది పనిలో పదకొండో వంతు. నాలుగైదు గోడలు ఒకేసారి పోసేటప్పుడే పంపు గిట్టుబాటు.

గ్రౌట్ అంటే పలచటి కాంక్రీటు. ఇంత ఇరుకు గూట్లో చువ్వ చుట్టూ తిరిగి అన్ని మూలలకీ చేరాలి కాబట్టి స్లాబు కాంక్రీటు కన్నా బాగా జారుగా ఉండాలి. స్లంప్ పరీక్షలో 200 నుంచి 280 మి.మీ. పడాలని అమెరికా ప్రమాణాలు చెబుతాయి. చూసినవాళ్లకి నీళ్లు ఎక్కువైనట్టు అనిపిస్తుంది. కానీ పొడి బ్లాకు ఆ నీటిలో కొంత వెంటనే లాగేసుకుంటుంది కాబట్టి చివరికి గూట్లో మిగిలే గ్రౌట్ అంత పలచన కాదు. స్లాబుకి కలిపినట్టు గట్టిగా కలిపిన గ్రౌట్ రెండు వరసలు దిగి ఆగిపోతుంది. ఒక పాలు సిమెంటు, రెండున్నర పాళ్లు ఇసుక, ఒకటిన్నర పాళ్లు పది మిల్లీమీటర్ల లోపు చిప్స్ అనేది మన గూటి కొలతకి సరిపోయే పాళ్లు. బస్తా సిమెంటు 35 లీటర్లు, ఇసుక 87 లీటర్లు, చిప్స్ 52 లీటర్లు: పొడి సరుకు 175 లీటర్లు. నీళ్లు కలిపాక వచ్చే గ్రౌట్ మాత్రం 125 లీటర్ల చుట్టూ ఉంటుంది. చిప్స్ మధ్య సందుల్లోకి ఇసుక, ఇసుక సందుల్లోకి సిమెంటు చేరిపోతాయి. పొడి సరుకు కొలతనే గ్రౌట్ కొలత అనుకుంటే మూడో వంతు సిమెంటు తక్కువ తెప్పిస్తారు. మన 730 లీటర్లకి ఆరు బస్తాలు కావాలి.

ఇప్పుడు పోయడం. మూడు మీటర్ల గోడ మొత్తం లేపి పైనుంచి ఒకేసారి పోయడం చూడ్డానికి తేలికగా ఉంటుంది. అలా చేయాలంటే నింపే ప్రతి గూడు అడుగునా బ్లాకు పగలగొట్టి కిటికీ లాంటి చోటు వదలాలి. గోడ కట్టేటప్పుడు లోపల రాలిన మాలుని దాంట్లోంచి తీసేసి, ఆ తర్వాత మూసి పోయాలి. అమెరికా ప్రమాణాల్లో 1.6 మీటర్లు దాటిన ఎత్తుకి ఇది తప్పనిసరి. మన చిన్న పనులకి అంచెలంచెలుగా పోయడమే సుఖం. మన గోడకి మొదటి అంచె ఆరు వరసలు, 1.2 మీటర్లు. ఇందులో 187 లీటర్లు పడుతుంది, అంటే బస్తాన్నర కలుపు. రెండో అంచె ఇంకో నాలుగు వరసలూ, పైన లింటెల్ వరసా: 250 లీటర్లు, సరిగ్గా రెండు బస్తాలు. మూడో అంచె మిగిలిన మూడు వరసలూ, పై వరసా: 230 లీటర్ల లోపు, రెండు బస్తాలకి కొంచెం తక్కువ. మొదటి అంచెలో గ్రౌట్‌ని బ్లాకు పై అంచు దాకా నింపకుండా నాలుగు సెంటీమీటర్లు కిందే ఆపాలి. పై అంచె గ్రౌట్ ఆ గుంటలోకి దిగి రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అతుకు సరిగ్గా మాలు వరసలో పడితే అక్కడే గోడ విరుగుతుంది.

లెక్క అసలు పనికొచ్చేది ఇక్కడే. పోసే బకెట్ లోపల పది లీటర్ల దగ్గర రంగుతో గీత గీయాలి. మొదటి అంచెలో ప్రతి గూడూ 20 లీటర్ల పైన పట్టాలి, అంటే గీత దాకా రెండు బకెట్లు, మీద ఇంకొంచెం. పోసేవాడు గూడు నంబరు చెప్పి బకెట్లు లెక్కబెడితే, ఇంకొకరు గోడ మీద సుద్దతో రాస్తారు. ఒక గూడు ఒకటిన్నర బకెట్లకే నిండిందనుకోండి. లోపల ఎక్కడో అడ్డు పడింది. సాధారణంగా అది మాలే. బ్లాకు మీద బ్లాకు పెట్టినప్పుడు మాలు లోపలికి పిండుకొస్తుంది. పైగా ఒక వరసలోని గూడు కింది వరసలోని గూడు మీదకి అచ్చంగా రాదు. 390 మి.మీ. బ్లాకుని సగానికి జరిపి పెట్టినప్పుడు రెండు మూడు సెంటీమీటర్ల తేడా ఉండిపోతుంది. ప్రతి వరసలోనూ లోపల చిన్న మెట్టులా మిగులుతుంది, రాలిన మాలు దాని మీద ఆగి గట్టిపడుతుంది. అది ఒక సెంటీమీటరు దాటి ముందుకొస్తే గీకెయ్యాలి. మాలు పచ్చిగా ఉన్నప్పుడే పొడవాటి చువ్వతో గూట్లో పైకీ కిందికీ ఆడిస్తే రాలిపోతుంది. ఎండాక సుత్తి పట్టాల్సి వస్తుంది.

ఇంకో గూడు మూడు బకెట్లు తాగింది, ఇంకా నిండలేదు. ఈ గూడు కారుతోంది. హాలో బ్లాకులకి మాలు మామూలుగా బయటి రెండు అంచుల మీదే వేస్తారు. గూళ్ల మధ్య అడ్డగోడల మీద వేయరు. ఖాళీ గోడకి అది చాలు. కానీ నింపబోయే గూటికి అటూ ఇటూ ఉన్న అడ్డగోడల మీద మాలు వేయకపోతే, ఆ పది మిల్లీమీటర్ల సందులోంచి పలచటి గ్రౌట్ పక్క గూట్లోకి పోతుంది. నింపే గూళ్ల చుట్టూ నాలుగు వైపులా మాలు వేయమని తాపీ మేస్త్రీకి మొదటి వరసలోనే చెప్పి, ఆ గూళ్లని రంగుతో గుర్తు పెట్టాలి. పక్క గూట్లోకి పోయిన గ్రౌట్‌తో నష్టం డబ్బు ఒక్కటే కాదు. చిక్కటి భాగం ఇక్కడ ఆగి పలచటి సిమెంటు పాలు అటు జారిపోతే, చువ్వ చుట్టూ మిగిలేది ఎక్కువ భాగం చిప్సే.

అన్నిటికన్నా ఎక్కువ గ్రౌట్ మింగేది లింటెల్ వరస. అడుగు మూసి ఉన్న దోనె బ్లాకు వాడితే చిక్కు లేదు, చువ్వ దిగే గూళ్ల దగ్గర మాత్రం అడుగు కోసుకోవాలి. అలాంటివి దొరకక మామూలు బ్లాకుల అడ్డగోడలు పగలగొట్టి వాడేవాళ్లు చాలామంది. అప్పుడు కింద ఖాళీగా వదిలిన గూళ్ల మీద సన్నటి జాలీ పరవాలి. మన గోడలో లింటెల్ కింద చువ్వ లేని ఖాళీ గూళ్లు 19 ఉన్నాయి, ఒక్కోటి పది వరసల ఎత్తు. జాలీ ఒక్క గూటి మీద మర్చిపోయినా 35 లీటర్లు కిందికి జారిపోతుంది. అన్నిటి మీదా మర్చిపోతే 650 లీటర్లు, గోడ మొత్తానికి వేసుకున్న లెక్క ఎంతో అంత. లింటెల్ దగ్గర రెండు బస్తాల కలుపు అయిపోయి ఇంకా సగం కూడా నిండకపోతే, మూడో బస్తా విప్పకుండా ఆగి జాలీ చూడాలి.

పోసిన వెంటనే సన్నటి వైబ్రేటరు సూది గూట్లోకి దించి ఒకటి రెండు క్షణాలు ఆడించాలి. తర్వాత బ్లాకు నీరు లాగేకొద్దీ గ్రౌట్ మట్టం కొన్ని సెంటీమీటర్లు దిగుతుంది. ఆ దిగడంలో గ్రౌట్ ఎక్కడైనా చువ్వకో మెట్టుకో పట్టుకుని వేలాడితే దాని కింద సన్నటి ఖాళీ పుడుతుంది. అందుకే పది పదిహేను నిమిషాలాగి, ఇంకా మెత్తగా ఉండగానే రెండోసారి సూది దించాలి, తగ్గినంత మళ్లీ పోయాలి. రెండోసారి ఆడించడం మన పనుల్లో తరచూ వదిలేస్తారు. గూడుకి నిమిషం కూడా పట్టని పనిని ఇలా వదిలేయడం నాకు బాధగా ఉంటుంది.

కొద్ది గంటల్లో గోడే కొంత చెబుతుంది. నింపిన గూటి నీరు బ్లాకులోంచి బయటికి ఊరి, గోడ మీద చువ్వ ఉన్నచోటల్లా ముదురు రంగు నిలువు పట్టీ కనిపిస్తుంది. పట్టీ కిందినుంచి పైదాకా తెగకుండా ఉంటే మంచిది. మధ్యలో ఒక బ్లాకు ఎత్తున పొడిగా తెల్లగా ఉంటే అక్కడ గ్రౌట్ చేరలేదని అనుమానించాలి. అక్కడి బకెట్ల లెక్క కూడా తక్కువే ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. గట్టిపడ్డాక చిన్న సుత్తితో తట్టినా తెలుస్తుంది. నిండిన గూటి మీద శబ్దం మొద్దుగా, ఖాళీ మీద బోలుగా వస్తుంది. పట్టీ, సుత్తి చప్పుడు, బకెట్ల లెక్క, మూడూ ఒకేచోటుని చూపిస్తే ఆ బ్లాకు బయటి అంచుని చువ్వకి తగలకుండా జాగ్రత్తగా కొట్టి తెరవాలి. లోపల వదులుగా ఉన్నదంతా తీసేసి, గోడ తడిపి, తెరిచినచోట పలక బిగించాలి. పలక పై అంచు దగ్గర చిన్న గరాటులా వదిలి, అందులోంచి అదే పాళ్ల గ్రౌట్ పోసి, సూది దించి, గోడ మట్టం కన్నా కొంచెం పైకి వచ్చేదాకా నింపాలి. మర్నాడు పలక విప్పి, ఆ పొంగిన ముక్కని చెక్కేసి, మిగతా గోడతో పాటే వారం రోజులు తడిపితే సరిపోతుంది.